పచ్చళ్ల షాపు పేరు మారుస్తున్నాం: పాత కస్టమర్లకు రాసే ఉత్తరంలో "ఏవి మారవు" అన్నది ఎలా చెప్పాలి?

బెజవాడ ఆవకాయ
విజయవాడలో మాది పచ్చళ్లు, పొడుల షాపు. 2004 నుంచి ఊరి పేరుకి "స్వగృహ" తగిలించి నడుపుతున్నాం. అదే పేరుకి ముందో వెనకో ఒక అక్షరం చేర్చుకుని మా రోడ్డులోనే ఇంకో రెండు షాపులు వచ్చాయి. ట్రేడ్‌మార్క్‌కి పెడితే, ఊరి పేరూ మామూలు మాటా తప్ప ఇందులో ప్రత్యేకం ఏముందని సెక్షన్ 9 కింద అభ్యంతరం వచ్చింది. అందుకని ఆగస్టు 1 నుంచి కొత్త పేరు. పాత కస్టమర్లు ఆరొందల మంది దాకా ఉన్నారు. వాళ్లలో నలభై మంది మెస్సులు, క్యాటరింగ్ వాళ్లు, నెలవారీ ఖాతా మీద తీసుకుంటారు. ఉత్తరం ఇలా రాశాను, చూసి చెప్పండి:

"మీ అందరి ఆదరాభిమానాలతో సరికొత్త ప్రస్థానంలోకి అడుగుపెడుతున్నాం. పేరు మాత్రమే మారింది, మిగతా ఏదీ మారలేదు. అదే రుచి, అదే నాణ్యత, అదే ధర. ఎప్పటిలాగే ఆదరిస్తారని ఆశిస్తూ..."

అచ్చుపని
అండీ, మొదటి వాక్యం బట్టల షాపు వాళ్లయినా రాసుకోవచ్చు, తీసేయండి. అసలు ఇబ్బంది రెండో వాక్యంతో. "మిగతా ఏదీ మారలేదు" అన్నది నిజం కాదు. బిల్లు మీద పేరు మారుతుంది, క్యూఆర్ స్కాన్ చేస్తే కనపడే పేరు మారుతుంది, ఎస్సెమ్మెస్ వచ్చే ఆరక్షరాల హెడర్ మారుతుంది, జాడీ మీద లేబుల్ మారుతుంది. ఏదీ మారదన్న మాట చదివిన మనిషికి ఈ నాలుగింటిలో ఒక్కటి మారి కనపడితే చాలు, రుచి గురించి చెప్పిందీ నమ్మడు.

కాగితం మీద మూడు వరసలు గీసుకోండి. మారేవి ఒకటి, మారనివి ఒకటి, ఫలానా తేదీ వరకు మారనివి ఒకటి. మీ ఉత్తరంలో ధర రెండో వరసలో ఉంది, అది మూడో వరసలోకి వెళ్లాలి. కొత్త మిరప పంట వచ్చాక కారం రేటు ఎటు పోతుందో ఎవరికి తెలుసు? ఆగస్టులో "అదే ధర" అని, ఉగాదికి ముందు కిలోకి నలభై పెంచితే, పేరు మార్చింది ఇందుకేనంటారు. "డిసెంబరు 31 దాకా ఇప్పటి ధరల పట్టికే" అని రాస్తే ఆ మాట మీరు నిలబెట్టుకోగలరు.

మారనివాటిలో కస్టమర్ తన చేత్తో చూసుకోగలిగినవే రాయండి. "నాణ్యత" ఎవరూ చూసుకోలేరు. "అర కిలో జాడీలో అర కిలోనే" అంటే తూకం వేసుకుని చూసుకుంటారు. పేరు మారినప్పుడు జనం ముందు అనుమానించేది బరువునే. 500 గ్రాముల జాడీ 450 అయిపోయి, మూతా ధరా అలాగే ఉండటం అందరూ చూసిందే.

ఇందూరు అన్న
అన్నా, ఒక్కటి మర్చిపోతున్నరు. పేరు మారితే జీఎస్టీ నంబరు కూడ మారుతది. ఖాతా మీద తీస్కునే హోటళ్లోల్లకు కొత్త నంబరు ముందే ఇయ్యాలె, లేకుంటే వాళ్లకు ఇన్‌పుట్ క్రెడిట్ ఆగిపోతది. ఉత్తరంల పైననే రాయున్రి.

పద్దుల పుస్తకం
ఇందూరు అన్న చెప్పినదాంట్లో సగం సరే. హోటళ్ల వాళ్లకు ముందే చెప్పాలన్నది కరెక్టు. కానీ నంబరు మారేది పాన్ మారితేనే. జీఎస్టీ నంబరులో మధ్యనున్న పది అక్షరాలు పానే కదా. సొంత వ్యాపారంగా ఉన్నది ప్రైవేటు లిమిటెడ్ చేస్తే పాన్ కొత్తది, నంబరూ కొత్తది. ఇక్కడ యజమాని అదే, పాన్ అదే, మారేది ట్రేడ్ పేరు ఒక్కటే. దానికి జీఎస్టీ పోర్టల్‌లో REG-14 ఫారంతో సవరణ పెట్టాలి, మార్పు జరిగిన పదిహేను రోజుల్లోపు. ఆఫీసరు ఆమోదిస్తే పాత నంబరు మీదే కొత్త పేరుతో సర్టిఫికెట్ వస్తుంది. కాబట్టి ఉత్తరంలో "మా జీఎస్టీ నంబరు మారదు" అని రాసి, కింద ఆ నంబరు పూర్తిగా వేయండి.

ఇక వరస. ఉత్తరం ముందు పంపి, కాగితాలు తర్వాత చూసుకుందాం అనుకోకండి. ముందు జీఎస్టీ సవరణ, ఆ సర్టిఫికెట్ చూపించి బ్యాంకులో కరెంట్ ఖాతా పేరు మార్పు, ఆ తర్వాత క్యూఆర్. ఫుడ్ లైసెన్సు సవరణ వాళ్ల ఫాస్కాస్ పోర్టల్‌లో పక్కన నడుస్తూ ఉంటుంది. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు వెళ్లేముందు బ్యాంకు రికార్డులో ఉన్న పేరునే చూపించాలి. బ్యాంకులో పేరు మారకుండా "ఇకపై కొత్త పేరు కనిపిస్తుంది" అని ఉత్తరం వెళ్లిందనుకోండి, స్కాన్ చేసినాయనకి పాత పేరో, మీ సొంత పేరో కనిపిస్తుంది. మోసమనుకుని ఆగిపోతాడు. ఆగడం మంచిదే, తప్పు ఉత్తరానిది. పంపే రోజు పొద్దున వేరేవాళ్ల ఫోన్ నుంచి ఒక్క రూపాయి కొట్టి, తెర మీద ఏ పేరు వచ్చిందో చూసి, అక్షరం పొల్లుపోకుండా అదే ఉత్తరంలో రాయండి.

2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది గుర్తుందిగా. ఖాతా నంబరు అదే ఉంది. ANDBతో మొదలయ్యే IFSC పోయి తర్వాత UBINతో మొదలయ్యేది వచ్చింది. అలాంటిచోట మారిందీ మారనిదీ పక్కపక్కన రాస్తేనే బుర్రకెక్కుతుంది.

ఏలూరు కాలువ గట్టు
షాపు ఎవరికి అమ్మారండీ? కొన్నవాళ్లు పాత బాకీలు ఒప్పుకున్నారా? మా బావమరిది మందుల షాపు తీసుకున్నప్పుడు పాత యజమాని తీసుకున్న అడ్వాన్సులు వీడి మెడకు చుట్టుకున్నాయి. అగ్రిమెంటులో రాయించుకోండి.

బెజవాడ ఆవకాయ
బాబాయ్ గారూ, అమ్మలేదండీ. పేరే మారుస్తున్నాం. మేమే, మా వంటవాళ్లే.

అచ్చుపని
ఆయన తప్పుగా చదివారని వదిలేయకండి. మీ ఆరొందల మందిలో చాలామంది అడగబోయేది ఇదే, షాపు అమ్మేశారా అని. అందుకే "యజమానులం మేమే, షాపు అమ్మలేదు" అన్నది మొదటి రెండు వాక్యాల్లోనే పడాలి. అడ్వాన్సుల సంగతీ రాయండి. పెళ్లి ఆర్డరుకి జూలైలో డబ్బు కట్టినవాళ్లకి, పాత పేరు మీదున్న రసీదు చెల్లుతుందో లేదో మీరు చెప్తేనే తెలుస్తుంది.

డాలస్ అత్తయ్య
మేము జాడీ మీద పేరు చదవమమ్మా. పసుపు మూత ఆవకాయ, ఎర్ర మూత గోంగూర, అంతే. పేరుతో పాటు మూత రంగులు కూడా మార్చారంటే మా వాళ్లు వేరే షాపు సరుకు వచ్చిందని ఫోన్ చేస్తారు. ఇంకో మాట, పార్సిల్ బిల్లు మీద ఒక పేరు, లోపల జాడీ మీద ఒక పేరు ఉంటే కస్టమ్స్ వాళ్లు అడగచ్చు. ఒక పెట్టెలో రెండు పేర్ల సరుకు కలిపి పంపకండి.

బెజవాడ ఆవకాయ
మూత రంగులు మార్చాలనే అనుకున్నాం, ఆపేస్తాను అత్తయ్యగారూ. ఇదిగో తిరగరాసింది:

"నమస్కారం. ఆగస్టు 1 నుంచి మన షాపు (పాత పేరు) బదులు (కొత్త పేరు) అని ఉంటుంది. షాపు అమ్మలేదు, యజమానులం మేమే. పాత పేరుని పోలిన షాపులు మరికొన్ని ఉండటంతో మీ ఆర్డర్లు వాటికి వెళ్తున్నాయి, అందుకే ఈ మార్పు.

మారనివి: షాపు ఉన్న చోటు, ఫోన్, వాట్సాప్ నంబరు (నంబరు), జీఎస్టీ నంబరు (నంబరు), బ్యాంకు ఖాతా నంబరు, జాడీల బరువులు, మూతల రంగులు. పచ్చళ్లలో నువ్వుల నూనె తప్ప వేరే నూనె ఇప్పుడూ కలపం, ఇకముందూ కలపం. పాత పేరుతో ఇచ్చిన రసీదులు, అడ్వాన్సులు, నెల ఖాతాలు అలాగే చెల్లుతాయి. అదే రుచి.

డిసెంబరు 31 దాకా మారనివి: ఇప్పటి ధరల పట్టిక.

మారేవి: బోర్డు, లేబుల్, బిల్లు మీద పేరు. క్యూఆర్ స్కాన్ చేస్తే (తెర మీది పేరు) అని వస్తుంది. వేరే ఏ పేరు వచ్చినా డబ్బు కట్టకుండా పై నంబరుకి ఫోన్ చేయండి. ఖాతా నంబరు మారిందని మా పేరుతో ఎవరు మెసేజ్ పెట్టినా నమ్మవద్దు."

అచ్చుపని
ఇప్పుడు ఉత్తరమైంది. "అదే రుచి" మాత్రం కొట్టేయండి. ఏడాదికో మిరప, ఏడాదికో కాయ పులుపు. నూనె గురించి చెప్పిందే రుచికి హామీ, దాని పక్కన ఈ రెండు మాటలు తేలిపోతున్నాయి. పంపడం కూడా అందరికీ ఒక్కరోజే వద్దు. ఖాతా ఉన్న నలభై మందికి ముందు ఫోన్, వెంటనే సంతకంతో కాగితం. మిగతావాళ్లకి మూడు వారాల ముందు పాత వాట్సాప్ నంబరు నుంచే. జూలైలో వెళ్లే ప్రతి పార్సిల్లో ఒక చీటీ. కొత్త హెడర్‌తో ఎస్సెమ్మెస్ అన్నిటికంటే చివర. ముక్కూ మొహం తెలియని హెడర్ నుంచి "పేరు మారింది" అని మొదటి కబురు వస్తే ఎవరూ తెరవరు.

పద్దుల పుస్తకం
కారణం రాసిన వాక్యం నాకు నచ్చలేదండీ. పక్క షాపులవాళ్లు చదివి గొడవకి రావచ్చు. పేరు మారుస్తున్నాం అంటే సరిపోతుంది.

డాలస్ అత్తయ్య
కారణం చెప్పకపోతే మేమే ఏదో ఒకటి ఊహించుకుంటాం బాబూ. అప్పుల పాలయ్యారనో, అన్నదమ్ములు విడిపోయారనో. ఉండనివ్వండి.

అచ్చుపని
నేనైతే కారణం ఉంచుతాను. "మీ ఆర్డర్లు వాటికి వెళ్తున్నాయి" అన్నది తీసి "ఒకేలాంటి పేర్లతో మీకు తికమక కలగకుండా" అని మారుస్తాను. ఎవరినీ వేలెత్తి చూపినట్టుండదు.

బెజవాడ ఆవకాయ
ఆ మాట బాగుంది, అలాగే మారుస్తాను. "అదే రుచి" కూడా తీసేస్తాను. పాత లేబుళ్లు మూడు వేలు మిగిలాయి. వాటి మీద కొత్త పేరు స్టిక్కరు వేసి వాడుకోవచ్చా?

అచ్చుపని
తయారీ తేదీ, పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు, బరువు, ధర, వీటిలో ఏది స్టిక్కరు కింద పడినా చిక్కే. మీ లేబుల్‌లో పేరు కిందనే లైసెన్సు నంబరు ఉంటే స్టిక్కరుకి చోటు లేనట్టే. జూలై ఆఖరు లోపు నింపే సరుకుకి పాతవి వాడేయండి. ఆ తర్వాత నింపే జాడీలకి కొత్తవే. మిగిలినవాటి గురించి మీ ఫుడ్ సేఫ్టీ ఆఫీసరుని రాతపూర్వకంగా అడగండి, నోటిమాట మీద వాడకండి. కొత్త లేబుల్ మీద "పూర్వం (పాత పేరు)" అని చిన్నక్షరాల్లో ఒక ఏడాది ఉంచండి.

ఇందూరు అన్న
ఏడాది ఎందుకన్నా? గా పేరు తోటి ఇబ్బంది అనే కదా మార్చుతున్నది. మళ్ల అదే పేరు లేబుల్ మీద పెడితే పక్క షాపులకు మనమే బోర్డు కట్టినట్టు. మూడు నెలలు చాలు.

డాలస్ అత్తయ్య
మేము ఏడాదికి ఒకసారే తెప్పించుకుంటాం, ఎండాకాలం ఆవకాయ పట్టాక. మూడు నెలలైతే ఆ మాట మా దాకా రానే రాదు.

బెజవాడ ఆవకాయ
అలాగైతే బయటికి వెళ్లే జాడీలకి ఏడాది, షాపులో అమ్మేవాటికి మూడు నెలలు అని రెండు రకాల లేబుళ్లు వేయించాలేమో. అచ్చుపని గారూ, రెండు ప్లేట్లకి ఖర్చు ఎంత తేడా వస్తుంది?