విరాళాల వీడియో కింద డిస్క్రిప్షన్ ఎలా రాస్తున్నారు? నాది చూసి చెప్పండి

కొత్తచూపు
మాది చిన్న సంస్థ. వినికిడి లోపం ఉన్న 12 మంది పిల్లలకు చెవి యంత్రాలు కొనడానికి 4 నిమిషాల వీడియో తీశాం, రేపు యూట్యూబ్‌లో పెట్టాలి. డిస్క్రిప్షన్ నేనే రాశా: "చిన్నారుల కళ్లలో కోటి ఆశలు. మీ చిన్న సాయం వారి జీవితాల్లో వెలుగు. ప్రతి పైసా నేరుగా పిల్లలకే చేరుతుంది. షేర్ చేయండి." దాని కింద అకౌంట్ నంబరు, ఆ కింద ఓ 40 హ్యాష్‌ట్యాగులు. ఎంత పొడవుండాలి, కీవర్డ్స్ ఎక్కడ పెట్టాలి, వెనక వాడిన సంగీతానికి క్రెడిట్ కూడా ఇందులోనే రాయాలా?

ట్రాఫిక్‌రాజు
తొమ్మిదేళ్లుగా ఇదే పని బాస్, వందల ఛానెళ్లు చూశా. డిస్క్రిప్షన్ ఎవడూ చదవడు. అసలు కీలకమంతా ట్యాగుల పెట్టెలో ఉంది, 500 అక్షరాలూ నింపెయ్. హ్యాష్‌ట్యాగులు మాత్రం 15 దాటితే మొత్తం చెల్లవు, కాబట్టి నీ 40 దండగ.

అర్ధరాత్రి_ఎడిటర్
రాజుగారూ, ఆ 15 పాత లెక్క, ఇప్పుడు 60 దాటితేనే అన్నీ పక్కన పెడతారు. అలాగని 40 పెట్టమని కాదు, టైటిల్ దగ్గర కనిపించేవి మూడే. ట్యాగుల ప్రభావం చాలా తక్కువని యూట్యూబ్ వాళ్లే సహాయం పేజీలో రాసుకున్నారు, జనం స్పెల్లింగ్ తప్పు కొట్టే మాటలకు పనికొస్తాయంతే. ఆ ట్యాగులే తెచ్చి డిస్క్రిప్షన్‌లో గుట్టగా పోస్తే స్పామ్ కింద లెక్క, వీడియో తీసేయొచ్చు కూడా.

కొత్తచూపు గారూ, మీరు రాసింది ఆవు వ్యాసం. వృద్ధాశ్రమానికైనా వరద బాధితులకైనా అతుకుతుంది. 5,000 అక్షరాల దాకా రాయొచ్చు గానీ "...మరిన్ని" నొక్కక ముందు కనిపించేది రెండు మూడు లైన్లే. ఎవరికి, ఎన్ని, ఎప్పటిలోగా, ఎక్కడ ఇవ్వాలి అన్నది అక్కడే తేలిపోవాలి. మీ దాంట్లో "వినికిడి" అన్న మాటే లేదు, చూసుకున్నారా? మరి వెతికేవాళ్లకు ఎలా దొరుకుతుంది?

లెక్కల_పిచ్చి
అదంతా తర్వాత. "ప్రతి పైసా నేరుగా పిల్లలకే" అన్న వాక్యం ముందు కొట్టేయండి. నేను రెండు సంస్థలకు లెక్కలు చూస్తా. ఆన్‌లైన్‌లో డబ్బు వస్తే పేమెంట్ గేట్‌వే తన వాటా పట్టుకునే పంపుతుంది. ఇచ్చినవాడి రసీదులో 100, మీ ఖాతాలో 98. ఆ రెండూ ఎటు పోయాయని ఎవరైనా అడిగితే మీ వాక్యమే మీ మెడకు చుట్టుకుంటుంది.

కుక్కలిల్లు
ఇది మరీ చాదస్తం అండీ. మేమూ అదే వాక్యం రాస్తాం, ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. 98 అని రాస్తే ఆ రెండూ మేమే తిన్నామనుకుంటారు.

లెక్కల_పిచ్చి
అడగలేదంటే నమ్మారని కాదు, మళ్లీ ఇవ్వకుండా ఊరుకుని ఉండొచ్చు. "గేట్‌వే రుసుము మా సాధారణ నిధి నుంచి భరిస్తాం" అని రాసి నిజంగానే భరించండి, అప్పుడు మీ వాక్యం నిజమవుతుంది. లేదంటే "రుసుము పోగా మిగిలినదంతా" అనండి. నాలుగు మాటలు, అంతే.

కుక్కలిల్లు
సాధారణ నిధి ఉంటే ఈ తిప్పలెందుకు? షెల్టర్‌లో రాత్రి కాపలా ఉండే మనిషికి జీతం ఇవ్వాలా వద్దా? దాన్ని "నిర్వహణ ఖర్చు" అని రాయగానే దాతలు మొహం తిప్పేస్తారు.

లెక్కల_పిచ్చి
నిర్వహణ అని ఎవరు రాయమన్నారు? "రాత్రి కాపలాదారు జీతం" అనే రాయండి. జనానికి జీతమంటే కోపం లేదు, అర్థంకాని పద్దంటేనే అనుమానం.

శ్రావ్య_వి
మీ పద్దుల గొడవ ఆపితే ఒకటి చెప్తా. మా బాబు రెండు చెవులకూ యంత్రాలు పెట్టుకుంటాడు. పిల్లలు పెరిగేకొద్దీ చెవిలో ఇమిడే మోల్డు చాలదు, మార్చాలి. లేకపోతే వదులై కూత వస్తుంది, పిల్లాడు తీసి పక్కన పడేస్తాడు. యంత్రం కొనిచ్చి ఫొటో దిగి వెళ్లిపోయినవాళ్లను చూశా. 12 మంది పిల్లలంటే 24 యంత్రాలా, ఒక్కో చెవికేనా? మోల్డులు, బ్యాటరీలు ఎవరిస్తారు? అది రాస్తే నాలాంటివాళ్లు కళ్లు మూసుకుని ఇస్తారు.

ఇంకో మాట. గతంలో ఒక సంస్థ వాళ్లు మావాడి పూర్తి పేరు, బడి పేరు డిస్క్రిప్షన్‌లో పెట్టారు, అదేదో కీవర్డ్ అన్నట్టు. తర్వాత వాడి పేరు కొడితే మొదట వచ్చేది "సాయం చేయండి" అన్న వీడియోనే. క్లాసులో పిల్లలు అది చూశారు. తీయించడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ట్రాఫిక్‌రాజు
పేరుంటేనే కనెక్ట్ అవుతారమ్మా, ఎమోషన్ లేకపోతే డబ్బులు రాలవు.

శ్రావ్య_వి
మీ పిల్లల పేరు పెట్టి చూడండి ముందు.

అర్ధరాత్రి_ఎడిటర్
శ్రావ్య గారితో నేను. పేరు వల్ల సెర్చ్‌లో లాభమూ లేదు, తెలియని పిల్లాడి పేరు ఎవరు వెతుకుతారు? "పిల్లలకు వినికిడి సమస్య", "హియరింగ్ ఎయిడ్ సాయం" లాంటివి వెతుకుతారు. అలాంటివి రెండో మూడో ఎంచుకుని టైటిల్‌లో ఒకటి, మొదటి రెండు లైన్లలో ఒకటి, మామూలు వాక్యంలో కలిసిపోయేలా రాయండి. వారం తర్వాత అనలిటిక్స్‌లో సెర్చ్ నుంచి వచ్చినవాళ్లు ఏ మాట కొట్టారో చూసుకుని డిస్క్రిప్షన్ మార్చుకోవచ్చు.

కొత్తచూపు
"చెవిటి పిల్లలు" అని కూడా కొడతారు కదా, పెట్టనా? రాయడానికి మనసొప్పడం లేదు.

శ్రావ్య_వి
వద్దు.

ట్రాఫిక్‌రాజు
పెట్టు. కనీసం ట్యాగుల్లో పెట్టు, అక్కడ మామూలుగా చూసేవాళ్లకు కనపడదు.

కుక్కలిల్లు
అకౌంట్ నంబరు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా వీడియోను ఎవడో దించుకుని తన ఛానెల్లో పెట్టాడు, డిస్క్రిప్షన్ మక్కీకి మక్కీ మాదే, అకౌంట్ నంబరొక్కటే వాడిది. ఒక పాత దాత ఫోన్ చేసి "పంపాను, రసీదు రాలేదేం" అంటే గానీ తెలియలేదు. అప్పటినుంచి నంబరు మా వెబ్‌సైట్‌లో ఒక్క పేజీలోనే ఉంచి, కింద ఆ లింకే ఇస్తున్నాం. వీడియోలో కూడా వెబ్‌సైట్ పేరు గొంతుతో చెప్పిస్తున్నాం, ఎందుకంటే డిస్క్రిప్షన్ మార్చినంత సులువుగా మాట మార్చలేరు.

పెద్దాయన_58
నాకు లింకులంటే భయం. అకౌంట్ నంబరుంటే బ్యాంకుకెళ్లి కడతా. లింకొక్కటే ఉంటే ఇవ్వను.

అర్ధరాత్రి_ఎడిటర్
లింకు https:// తో మొదలవ్వాలి, లేకపోతే నొక్కినా తెరుచుకోదు. కొత్త ఛానెలైతే వెరిఫికేషన్ పూర్తి చేసుకోండి, అప్పటిదాకా లింకులు ఉత్త అక్షరాలే. దీన్నే కత్తిరించి షార్ట్‌గా పెడితే అక్కడి డిస్క్రిప్షన్‌లో లింకు పని చేయదు, 2023 ఆగస్టు నుంచి ఆపేశారు. పెద్దాయన గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

కొత్తచూపు
రాత్రి కూర్చుని మళ్లీ రాశా. పైన కనిపించే భాగం: "వినికిడి సమస్య ఉన్న 12 మంది పిల్లలకు 24 చెవి యంత్రాలు (హియరింగ్ ఎయిడ్స్), ఏడాదికి సరిపడా మోల్డులు, బ్యాటరీలు. గడువు నవంబర్ 30. విరాళం ఈ పేజీలోనే:" ఆ వెంటనే లింకు. మడత కింద: "గేట్‌వే రుసుము పోగా మిగిలినదంతా ఈ పనికే. లక్ష్యం మించి వస్తే రెండో ఏడాది మోల్డులకు. చాలకపోతే వచ్చినంతలో రెండు చెవులకూ కొనగలిగినంతమందికే ఇస్తాం. కొన్న బిల్లులు డిసెంబర్ 31లోగా ఇదే పేజీలో పెడతాం." అకౌంట్ నంబరు ఆ పేజీలోనే పెట్టాం, పెద్దాయన గారూ, అక్కడ చూసి బ్యాంకులో కట్టొచ్చు. హ్యాష్‌ట్యాగులు మూడే ఉంచా.

లెక్కల_పిచ్చి
డిసెంబర్ 31 అని రాశారు కాబట్టి ఆ రోజు బిల్లులున్నాయో లేదో నేనొచ్చి చూస్తా. సగం యంత్రాలే వచ్చినా ఆ సగం పెట్టండి.

శ్రావ్య_వి
మోల్డులు రాసినందుకు థాంక్స్ అండీ. లింకు పంపండి.

కొత్తచూపు
పంపుతా. ఇంతకీ ఆ సంగీతం క్రెడిట్ సంగతి ఎవరైనా చెప్తారా?

ట్రాఫిక్‌రాజు
థంబ్‌నెయిల్ ఏం పెట్టావ్?