"సగం దాటితే" అన్నారా, "సగం దాకితే" అన్నారా?

సుజాత:
నార్మల్ టేబుల్ చూడ్డానికి డిగ్రీలో మా సార్ ఒక వాక్యం చెప్పేవారు: "సగం దాటితే ఒకటిలోంచి, లేదంటే సగంలోంచి." అది "దాటితే"నా, "దాకితే"నా అని నిన్నటి నుంచి మనసులో నలుగుతోంది. మా అమ్మాయి హాస్టల్ నుంచి పుస్తకం పేజీ ఫోటో తీసి పంపడంతో గుర్తొచ్చింది. సగటు ఎత్తు 160 సెం.మీ., ప్రామాణిక విచలనం 8, అయితే 170 దాటినవాళ్లు ఎంత శాతం అని లెక్క. 170లోంచి 160 తీసి 8తో భాగిస్తే z 1.25 వచ్చింది. 1.2 వరసలో 0.05 కింద గడి చూస్తే 0.3944 లాగానూ ఉంది, 0.8944 లాగానూ ఉంది. పైన శీర్షిక తెగిపోయి "...z వరకు వైశాల్యం" అన్న ముక్కే మిగిలింది.

వేణు:
"దాటితే"నే, అనుమానం అక్కర్లేదండీ. గడిలో ఉన్నది సగం దాటితే 1లోంచి తీసెయ్యాలి, దాటకపోతే 0.5లోంచి. 1 - 0.8944 చేసినా, 0.5 - 0.3944 చేసినా 0.1056 వస్తుంది. అది మూడైనా ఎనిమిదైనా మీ తోక, అంటే z కు ఆవల మిగిలే భాగం, అదే, పదిన్నర శాతం.

ఫణి:
వేణుగారూ, z సున్నా అయితే? ఎడమ నుంచి మొత్తం కొలిచే టేబుల్లో ఆ గడి 0.5000. అది సగం దాటలేదు, దాకింది. మీ మాట ప్రకారం సగంలోంచి తీస్తే తోక సున్నా అవుతుంది, నిజానికి అది సగం. అందుకే "దాకితే". మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ "చెయ్యి దాకింది" అంటారు.

వేణు:
అయితే రెండో కొస చూడండి. 0 నుంచి కొలిచే టేబుల్ 3.9 దాకా ఉంటే అక్కడ నాలుగు దశాంశాలకు 0.5000 అనే వేస్తారు. దాకింది కదా అని 1లోంచి తీస్తే 0.5 వస్తుంది, అక్కడ తోక దాదాపు ఏమీ ఉండదు.

రజియా:
నాకూ ఇదే అయింది. z 1.96, గడిలో 0.4750, సగంలోంచి తీసి 0.0250 అని రాస్తే మార్కులు పోయాయి. అంటే ఆ వాక్యమే తప్పా?

రమణ మాస్టారు:
రజియా, మీ తీసివేత సరిగ్గానే ఉంది తల్లీ. మీ ప్రశ్నలో "తేడా ఉందా" అని ఉండి ఉంటుంది, అప్పుడు రెండు తోకలూ కలపాలి, 0.05. సుజాతమ్మ ప్రశ్నలో "170 దాటినవాళ్లు" అని ఉంది, ఒక్క తోక చాలు.

ఇక ట, క సంగతి. మీరిద్దరూ ఒక్కో కొసన తప్పు పట్టుకున్నారు, రెండూ నిజమైన తప్పులే. కానీ ఆ వాక్యం అసలు పనికిరాని చోటు ఇంకోటి ఉంది. z కు ఆవల వైశాల్యాన్నే నేరుగా ఇచ్చే టేబుళ్లున్నాయి. అక్కడ 1.25 దగ్గర 0.1056 అనే ఉంటుంది. అది సగం దాటలేదని 0.5లోంచి తీస్తే 0.3944 వస్తుంది, చూడ్డానికి సబబుగా కనిపిస్తుంది కూడా, అదే ప్రమాదం. అందుకని ముందు పేజీలో మొదటి వరస చూడాలి. మొదటి గడి 0.0000 అయితే సున్నా నుంచి కొలిచింది. 0.5000 అయి పక్కది 0.5040 అయితే ఎడమ నుంచి కొలిచింది. 0.5000 తర్వాత 0.4960కి దిగితే తోకే ఇచ్చారు, తీసివేత వద్దు. మీ గడిలో చివర 944 కనబడుతోంది కాబట్టి మూడోది కాదు. "z వరకు" అన్న ముక్కను నమ్మకండి, ఎక్కడి నుంచి వరకు అన్నదే కదా తెగిపోయింది.

సుజాత:
మొదటి గడి 0.0000, పక్కన 0.0040 మాస్టారూ, అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. అంటే గడిలో ఉన్నది 0.3944నే. ఇంకోటి కూడా పట్టుకున్నాను. బైండింగ్ దగ్గర పేజీ వంగి వరసలు కిందికి జారాయి, అమ్మాయి మొదట చదివింది 0.3749, అది 1.15 గడి. తోక 0.1251 వేసింది. ఎడమా కుడీ 0.3925, 0.3962 ఉన్న గడి వెతికితే అసలుది దొరికింది. అడ్డంగా ఒక కాగితం అంచు పెట్టి మళ్లీ ఫోటో తియ్యమన్నాను.

ఫణి:
మంచి పని. కానీ మీ సార్ తెలుగులో లెక్కలు చెప్పేవారంటే పావులూరి మల్లన గుర్తొచ్చాడు, లెక్కలను పద్యాల్లో చెప్పినవాడు. లెక్కను పద్యంలో చెప్పాలంటే అక్షరం జారకూడదు. నేను ఇంకా "దాకితే" దగ్గరే ఉన్నాను, z సున్నా అడిగినంత తరచుగా 3.9 ఎవరూ అడగరు.

వేణు:
z సున్నా అయితే టేబుల్ ఎవరు చూస్తారండీ?

సుజాత:
మా క్లాస్‌మేట్ ఒకావిడ దగ్గర పాత నోట్సు ఉందట. ఆవిడ "మించితే" అని రాసుకుందట.