పైల్ లోడ్ టెస్ట్ పాసయింది, కానీ కర్వ్ చూస్తే అనుమానంగా ఉంది

కర్నూలు దగ్గర సైట్ అండీ. 600 మి.మీ. బోర్డ్ పైల్, 12 మీటర్ల లోతు, అడుగు సున్నపురాయిలో ఆగింది. డిజైన్ లోడ్ 100 టన్నులు. రొటీన్ టెస్టులో ఒకటిన్నర రెట్లు, అంటే 150 టన్నుల దాకా ఎక్కించి 24 గంటలు ఉంచారు.

100 టన్నుల దగ్గర 3.1 మి.మీ. మాత్రమే దిగింది. 120 దాటాక కర్వ్ ఒక్కసారిగా కిందికి వంగింది. 150 దగ్గర చివరికి 11.4 మి.మీ. IS 2911 నాలుగో భాగం ప్రకారం ఈ సైజుకి పరిమితి 12 మి.మీ. కాబట్టి రిపోర్టులో 'ఆమోదయోగ్యం' అని ఒక్క వాక్యంతో తేల్చేశారు.

నన్ను ఆపింది రీబౌండ్. లోడ్ మొత్తం తీసేస్తే 3.2 మి.మీ. మాత్రమే వెనక్కి వచ్చింది, 8.2 అలాగే ఉండిపోయింది. నా లెక్కలో కాంక్రీటు కుదింపే రెండు మి.మీ. పైన వస్తుంది. రాయి మీద సరిగ్గా కూర్చున్న పైల్ ఇంత శాశ్వతంగా దిగుతుందా? కాంక్రీటు పోసే ముందు అడుగున బురద సరిగ్గా కడగలేదేమో అనిపిస్తోంది. పక్క ఘర్షణ అయిపోయాక ఆ మెత్తటి పొర నలిగి ఉండొచ్చు. ఇంటిగ్రిటీ టెస్టులో ఆ పలుచటి పొర తేలుతుందన్న నమ్మకం నాకు లేదు.

ఇలాంటి కర్వ్ చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? పైల్ మధ్యలోంచి కోర్ తీసి అడుగు చూడమనాలా, లేక అదే రోజు పోసిన ఇంకో పైల్‌కి టెస్ట్ అడగాలా? డయల్ గేజీల రిఫరెన్స్ బీమ్ ఎండకి కదిలిందేమో తెలుసుకోవడానికి రీడింగుల్లో ఏం చూడాలో కూడా చెప్పండి. నాలుగు గేజీలూ దాదాపు ఒకేలా ఉన్నాయి మరి.