ఒకవైపే గొంతు నొప్పి, నోరు తెరుచుకోవడం లేదు. ఇప్పుడే పోవాలా, పొద్దున దాకా ఆగొచ్చా?

ఆదోని చిన్నోడు, రాత్రి 9:10
మా తమ్ముడికి 22 ఏళ్లు. ఆరు రోజుల కింద గొంతు నొప్పి, జ్వరం వస్తే మందుల షాపులో అజిత్రోమైసిన్ తెచ్చి మూడు రోజులు వేశాం, కొంచెం తగ్గింది. నిన్నటి నుంచి నొప్పంతా కుడివైపే, చెవిలోకి లాగుతోంది అంటున్నాడు. నోట్లో రెండు వేళ్లు కూడా పట్టడం లేదు. మాట్లాడితే ఉడుకు సంగటి ముద్ద నోట్లో పెట్టుకొని మాట్లాడినట్టుంది. మజ్జిగ కూడా మింగలేక ఉమ్మి గ్లాసులోకి ఊస్తున్నాడు. ఆదోని నుంచి కర్నూలుకు రెండు గంటలు పైనే. పొద్దున పోతే సరిపోతుందా?

అనంత రెడ్డి, 9:18
గవద బిళ్లలు అయ్యుంటాయప్పా, మా పిల్లోడికీ రెండు చెంపలూ వాచినాయి, వారంలో వాటంతట అవే తగ్గినాయి. ఉప్పునీళ్లు పుక్కిలించమను.

గీత, ప్రొద్దుటూరు, 9:21
రెడ్డి అన్నా, చెంప వాచిందని ఆయన చెప్పలేదు, నోరు లోపల సంగతి అడుగుతున్నాడు.

వార్డు సిస్టర్, కర్నూలు, 9:26
నేను ఈఎన్‌టీ వార్డులో 12 ఏళ్లుగా నర్సుగా ఉన్నా. టార్చ్ వేసి చూడు తమ్ముడూ, కొండనాలుక ఎడమవైపుకు నెట్టుకుపోయి, కుడి టాన్సిల్ పైన మెత్తని అంగిలి ఉబ్బి ఉందా? నోరు తెరవకపోతే బలవంతం చేయొద్దు. అంతకంటే ముఖ్యం, వెల్లకిలా పడుకోగలుగుతున్నాడా? ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు కీచుమనే శబ్దం ఉందా?

ఆదోని చిన్నోడు, 9:34
కొండనాలుక పక్కకే ఉందక్కా. శబ్దం లేదు. పడుకుంటే గొంతు మూసుకుపోయినట్టుంది అని లేచి ముందుకు వంగి కూర్చుంటున్నాడు.

కడప శీను, 9:37
వేలికి పెట్టే ఆక్సీమీటర్ ఉంటే చూడు బ్రో. 95 పైన ఉంటే ఊపిరికి ఢోకా లేదు, పొద్దున దాకా ఆగొచ్చు.

వార్డు సిస్టర్, 9:45
శీనూ, నంబరు చూడడం తప్పు కాదు, కానీ దాన్ని నమ్మి ఆగడం తప్పు. దారి ఇరుకైనా మనిషి కష్టపడి గాలి లాగుతూనే ఉంటాడు, ఆక్సిజన్ చివర్లోనే పడుతుంది. 98 చూపిస్తూనే కూర్చుని వచ్చిన మనిషి, స్కాన్ కోసం పడుకోబెట్టగానే ఉక్కిరిబిక్కిరి అవడం నేను కళ్లారా చూశా.
చిన్నోడూ, నువ్వు చెప్పేది టాన్సిల్ పక్కన చీము గడ్డలాగే ఉంది. ఆ చీము దవడ మూసే కండరం పక్కనే చేరుతుంది, అందుకే నోరు బిగుసుకుంటుంది. మామూలు టాన్సిల్ నొప్పిలో సాధారణంగా ఇలా కాదు. గడ్డ కట్టాక మాత్రలు ఒక్కటే చాలవు, మందు చీములోకి సరిగా చేరదు, చీము తీయాలి. ఉమ్మి మింగలేక, పడుకోలేక ఉన్నాడు కాబట్టి ఇప్పుడే బయలుదేరండి. 108కి ఫోన్ చెయ్యి, కూర్చోబెట్టే తీసుకెళ్లండి, నోట్లో నీళ్లు కూడా పోయొద్దు. శబ్దం మొదలైనా, మెడ కింద గుంట లోపలికి లాగుతున్నా, మనిషి కుదురు లేకుండా కొట్టుకుంటున్నా కర్నూలు దాకా ఆగొద్దు, దగ్గరున్న పెద్దాసుపత్రిలో దించండి.

గీత, ప్రొద్దుటూరు, 10:02
మా అమ్మది పంటి నుంచి వచ్చింది. షుగరు ఉంది, కింది దవడలో చివరి పన్ను పుచ్చి నెల రోజులు నొప్పి మాత్రలతో గడిపింది. ఒక రోజు గడ్డం కింద రెండు వైపులా చెక్కలా గట్టిగా వాచింది, నాలుక పైకి లేచి నోట్లో చోటు లేనట్టయింది. మేము చూపించిన చోట పన్నుకి మాత్రలు రాసి పంపారు. సాయంత్రానికి చొంగ కారుతూ కూర్చునే ఉంది. పెద్దాసుపత్రిలో ముందు మెడ దగ్గర మత్తు సూది ఇచ్చి, మెలకువగా ఉండగానే శ్వాసనాళంలో గొట్టం వేశారు, తర్వాతే చీము తీశారు. పన్ను నోట్లో ఉంటే మెడ ఎందుకు వాస్తుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వార్డు సిస్టర్, 10:11
కింది చివరి దంతాల వేర్లు నోటి అడుగున ఉండే కండరం కంటే కిందికి దిగుతాయి గీతా. చీము అక్కడ బయటపడితే నోట్లోకి రాదు, దవడ కిందికి పాకి రెండో వైపుకూ పోతుంది, నాలుకను పైకి, వెనక్కి నెడుతుంది. ఇది టాన్సిల్ గడ్డ కంటే వేగం. గంటల్లో మారిపోతుంది.

ఆదోని చిన్నోడు, మరుసటి రోజు ఉదయం 7:50
రాత్రి 12:30కి కర్నూలు చేరాం. కూర్చోబెట్టి, గొంతులో మత్తు స్ప్రే కొట్టి, సూదితో 8 ఎంఎల్ చీము లాగారు. భరించలేని వాసన. గంటలోపే మంచినీళ్లు తాగాడు, మాట సగం సరైంది. సెలైన్, ఇంజెక్షన్లు నడుస్తున్నాయి, రేపు మళ్లీ చూస్తారట. టాన్సిల్ తీసేయాలా అని అడిగితే ఇప్పుడే కాదన్నారు.

కడప శీను, 8:05
తీయించెయ్ బ్రో, మళ్లీ వస్తుంది.

వార్డు సిస్టర్, 8:20
అందరికీ రాదు. మాకూ మొదటిసారికే తీయించే డాక్టర్లు ఉన్నారు, రెండోసారి వస్తే చూద్దాం అనేవాళ్లూ ఉన్నారు. ఇంతకుముందు ఏడాదికి ఎన్నిసార్లు గొంతు నొప్పి వచ్చేదో తమ్ముడిని అడిగి రాసిపెట్టు, వాళ్లు అదే అడుగుతారు.

ఆదోని చిన్నోడు, 8:31
నాలుగైదు సార్లు అంటున్నాడక్కా. అమ్మ మాత్రం ఆపరేషన్ అంటేనే వద్దంటోంది.