మోర్ వర్స్, మోస్ట్ బెస్ట్: ఖాళీలు నింపేటప్పుడు ఈ డబుల్ తప్పు ఎందుకొస్తోంది?

ఉప్పల్_పేరెంట్
ఏడో తరగతి వర్క్‌షీట్. "ద ట్రాఫిక్ ఎట్ అమీర్‌పేట్ ఈజ్ ____ దాన్ ఎట్ ఉప్పల్", చివర బ్రాకెట్లో బ్యాడ్. పాప "మోర్ వర్స్" అని రాసింది, మార్కు పోయింది. బ్యాడ్, వర్స్, వర్స్ట్ పట్టిక నిద్రలో లేపి అడిగినా చెప్తుంది. మరి ఖాళీలో మోర్ ఎందుకొస్తోంది? ఇంకోటి, ఫార్దర్, ఫర్దర్ ఏది ఎక్కడ వాడాలి?

దిల్‌సుఖ్‌నగర్_ట్యూషన్
పట్టిక ఒక చోట, ఖాళీ ఇంకో చోట నేర్పడం వల్లండీ. బ్యూటిఫుల్, డిఫికల్ట్ లాంటి పొడుగు మాటలు చేశాక, దాన్ కనపడగానే చెయ్యి మోర్ రాసేస్తుంది. ఆ తర్వాత పట్టిక గుర్తొచ్చి వర్స్ కూడా చేరుతుంది. మోర్ చెయ్యాల్సిన పని వర్స్‌లోనే అయిపోయిందని పిల్లలకు విడిగా చెప్పాలి.

బ్రాకెట్ మాట చూసేముందు ఖాళీకి అటూ ఇటూ ఉన్న మాటల కింద పెన్సిల్ గీత పెట్టించండి. మీ వాక్యంలో తర్వాత దాన్ ఉంది, ముందు ఈజ్ తప్ప ఏమీ లేదు. కాబట్టి ఒక్క మాట, వర్స్. అదే "ఈజ్ మచ్ ____ దాన్" అని ఇచ్చినా జవాబు వర్సే. "ఈజ్ మోర్ ____ దాన్" అని మోర్ అచ్చయి ఉండి బ్రాకెట్లో క్రౌడెడ్ ఉంటే, క్రౌడెడ్ ఉన్నదున్నట్టు రాయాలి. ఇక్కడే చాలామంది మళ్ళీ మోర్ రాస్తారు.

మల్కాజ్‌గిరి_టీచర్
మచ్ బెటర్ కూడా డబులే కదా సార్? క్లాసులో కొట్టేయిస్తాం. ఖాళీ ముందు ద ఉంటే కళ్ళు మూసుకుని సూపర్లేటివ్ రాయమంటాం, అది ఎప్పుడూ తప్పదు.

దిల్‌సుఖ్‌నగర్_ట్యూషన్
మేడమ్, రెండూ సరికాదు. మచ్ అనేది తేడా ఎంతో చెప్తుంది, డిగ్రీని మార్చదు. మచ్ బెటర్, ఫార్ బెటర్ పూర్తిగా సరైనవి, మచ్ మోర్ బెటర్ తప్పు. ఇక ద సంగతి: "లత ఈజ్ ద ____ ఆఫ్ ద టూ సిస్టర్స్", బ్రాకెట్లో టాల్. ఇద్దరే కాబట్టి పరీక్షలో టాలర్ రాయాలి. ముగ్గురైతే టాలెస్ట్. ద తర్వాత ఎంతమంది ఉన్నారో చూడకుండా కళ్ళు మూసుకోమంటే మార్కు పోతుంది.

గోల్కొండ_అన్న
గవన్నీ సరే. మా తమ్ముని పేపర్ల "మై బ్రదర్ ఈజ్ ____ దాన్ మీ" అని ఇచ్చి బ్రాకెట్ల ఓల్డ్ పెట్టిన్రు. ఎల్డర్ రాసిండు, తప్పన్నరు. మనుషులకు ఎల్డర్, వస్తువులకు ఓల్డర్ అని చిన్నప్పటిసంది సదువుకుంటిమి. ఎట్ల తప్పయితది?

మల్కాజ్‌గిరి_టీచర్
తప్పు కాదు. మనుషులకు ఎల్డరే. కీ తప్పు.

దిల్‌సుఖ్‌నగర్_ట్యూషన్
కీ సరిగ్గానే ఉంది. ఎల్డర్ ఇంట్లోవాళ్ళకే, అదీ "మై ఎల్డర్ బ్రదర్" అని నామవాచకం ముందు. "ద ఎల్డర్ ఆఫ్ ద టూ" కూడా సరే. దాన్ వచ్చిందంటే మనిషికైనా ఓల్డరే. "చార్మినార్ ఈజ్ ఓల్డర్ దాన్ మక్కా మసీద్", "మై బ్రదర్ ఈజ్ ఓల్డర్ దాన్ మీ", రెండిటికీ ఒకటే లెక్క.

మల్కాజ్‌గిరి_టీచర్
సిటీ మొత్తం ఎల్డర్ దాన్ అంటోంది సార్. అందరూ తప్పేనా?

దిల్‌సుఖ్‌నగర్_ట్యూషన్
మాటల్లో ఏమన్నా అననివ్వండి. ఖాళీలో దాన్ ఉంటే ఎల్డర్ రాయనివ్వకండి. పిల్లల మార్కులతో పంతం వద్దు.

సాహిత్యం_సికింద్రాబాద్
ఎం.ఏ. ఇంగ్లిష్ చదివినవాడిగా చెప్తున్నా, డబుల్ తప్పు అనడమే అర్ధజ్ఞానం. షేక్‌స్పియర్ జూలియస్ సీజర్‌లో ఆంటొనీ నోట "మోస్ట్ అన్‌కైండెస్ట్" అనిపించాడు, మూడో అంకం రెండో రంగం. లెస్‌కి ఇంకో ఇ-ఆర్ చేర్చిన లెస్సర్‌ని ఈరోజు అందరూ ఒప్పుకుంటున్నారు.

దిల్‌సుఖ్‌నగర్_ట్యూషన్
నిజమే, అప్పుడు అది చెల్లింది. లెస్సర్ నిలబడింది, వర్సర్ నిలబడలేదు. ఏడో తరగతి పేపర్ ఈనాటి వాడుకనే అడుగుతుంది. లెస్సర్ కూడా "ద లెస్సర్ ఈవిల్" లాంటి చోటే, దాన్ ముందు లెస్ రాయాలి.

గోల్కొండ_అన్న
మరి క్లెవర్ సంగతేంది? క్లెవరర్ అని ఒక కీ, మోర్ క్లెవర్ అని ఇంకో కీ.

దిల్‌సుఖ్‌నగర్_ట్యూషన్
క్లెవర్, సింపుల్, నారో లాంటి రెండు అక్షరాంశాల మాటలకు రెండూ వాడుకలో ఉన్నాయి. రెండూ కలిపి మోర్ క్లెవరర్ రాస్తేనే తప్పు. హ్యాపీ, ఈజీ లాంటివాటికి మాత్రం వై తీసి ఐ-ఇ-ఆర్ రాయించండి.

మల్కాజ్‌గిరి_టీచర్
మా కీలో క్లెవరర్ ఒక్కటే ఉంది. రెండోది రాస్తే దిద్దేవాళ్ళు మార్కివ్వరు.

ఉప్పల్_పేరెంట్
గీతల పద్ధతి పాపతో చేయించా. "దిస్ ఈజ్ ద మోస్ట్ ____ రోడ్", బ్రాకెట్లో డేంజరస్. ఈసారి డేంజరస్ ఒక్కటే రాసింది. ఫార్దర్, ఫర్దర్ ఎవరూ చెప్పలేదు.

సాహిత్యం_సికింద్రాబాద్
దూరానికైతే రెండూ నడుస్తాయి. "ఫర్దర్ ఇన్ఫర్మేషన్"లో ఫార్దర్ రాయకూడదు.