బాకీలన్నీ ఎక్కాయా లేదా తేలాలంటే వోచింగ్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మిర్యాలగూడ ఆర్టికల్: సార్లకు నమస్తే. రైస్ మిల్లు ఆడిట్‌లో ఉన్నా. మార్చి 31 నాటికి ధాన్యం అమ్మినవాళ్లకు ఇవ్వాల్సిన బాకీలు పూర్తిగా ఎక్కాయా లేదా చూడమన్నారు. కొనుగోలు లెడ్జర్‌లోంచి పెద్ద మొత్తాలు 40 తీసి బిల్లులతో సరిచూశా. ఒక్క తేడా లేదు. అయినా ఇది కంప్లీట్‌నెస్‌కు పనికిరాదని సీనియర్ అంటున్నారు. శాంపిల్ 80కి పెంచితే సరిపోదా?

నల్గొండ ఆడిటర్: లెడ్జర్ మొత్తం చూసినా సరిపోదు తమ్ముడూ. రాయని బిల్లు అందులో ఉండదు కదా, ఎన్ని తీసినా నీ చేతికి ఎలా వస్తుంది? మిల్లు గేటు దగ్గర మొదలుపెట్టు. బండి లోపలికి రాగానే పడే మొదటి కాగితం కాంటా చీటీ. అక్కడి నుంచి లెడ్జర్ వైపు నడువు.

నేను చూసిన ఒక మిల్లు సంగతి చెప్తా. మార్చి చివరికి మన దగ్గర యాసంగి ధాన్యం రావడం మొదలవుతుంది, అందుకే ఆఖరి పది రోజుల చీటీలు 64 ఉంటే అన్నీ చూశాం. 61 లెడ్జర్‌లో దొరికాయి. దొరకని మూడు లారీలూ 30, 31 తేదీలవే, మొత్తం 410 క్వింటాళ్లు. బిల్లులు ఏప్రిల్ 4న ఎక్కించారు. క్వింటాలు 2,320 చొప్పున 9,51,200 రూపాయల బాకీ అన్నమాట.

అసలు చిక్కు ఆ తర్వాత ఉంది. 31 రాత్రి గోదాంలో బస్తాలు లెక్కపెట్టినప్పుడు ఈ 410 క్వింటాళ్లు కూడా స్టాకులో కలిశాయి. సరుకు ఉంది, కొనుగోలు లేదు, కాబట్టి లాభం అంత మేరా ఎక్కువ చూపింది. స్టాకులో కూడా కలపకపోయి ఉంటే లాభం మారేది కాదు, స్టాకు, బాకీ రెండూ తక్కువగా కనిపించేవి. చీటీ లెడ్జర్‌లో దొరకనప్పుడు స్టాకు షీటు తప్పకుండా తెరిచి చూడు.

సూర్యాపేట ఫైనల్: ఇంత తిరగడం ఎందుకు సార్? బయటివాళ్లు రాసిచ్చే కాగితం కంటే బలమైన సాక్ష్యం ఏముంది? ఎక్కువ బ్యాలెన్స్ ఉన్న 20 మందికి కన్ఫర్మేషన్ లెటర్లు పంపితే పోలా?

నల్గొండ ఆడిటర్: బయటి సాక్ష్యం బలమైనదే, ఎంచుకునే తీరే ఇక్కడ కుదరదు. మనం వెతికేది తక్కువ చూపిన బాకీని. ఏడాదంతా లక్షల సరుకు ఇచ్చి, మార్చి 31న బ్యాలెన్స్ సున్నా ఉన్న కమీషన్ ఏజెంటుకు పంపాలి. మన అంకె వేయకుండా, మీకు రావాల్సింది ఎంతో మీరే రాయండి అని అడగాలి. రైతుల నుంచి జవాబు వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోకండి.

మహబూబ్‌నగర్ అకౌంటెంట్: నాది జిన్నింగ్ మిల్లు. లెడ్జర్ నుంచి బిల్లుకు వెళ్తేనే ఒకే పత్తి లాట్‌కు రెండు బిల్లులు ఎక్కించిన సంగతి బయటపడింది. మరి ఆ పద్ధతి పనికిరాదని ఎలా అంటారు?

నల్గొండ ఆడిటర్: మీరు చేసింది సరైన పనే అమ్మా. మీ దగ్గర జరగని కొనుగోలు పుస్తకంలో ఉంది, అందుకే పుస్తకం నుంచి బయటికి వెళ్తే దొరికింది. ఈ అబ్బాయి వెతికేది జరిగి కూడా పుస్తకంలో లేనిదాన్ని.

దేవరకొండ: నూటికి 67 బియ్యం లెక్క వేస్తే తెలిసిపోదా? మరలో పోసిన ధాన్యం 58,000 క్వింటాళ్లు అని పుస్తకం చెప్తే బియ్యం 38,860 రావాలి. 39,900 వచ్చిందంటే 1,550 క్వింటాళ్ల దాకా ధాన్యం రాయలేదన్నట్టే.

నల్గొండ ఆడిటర్: అనుమానం రావడానికి అది చాలు, రుజువుకు చాలదు. 67 అనేది ప్రభుత్వానికి పచ్చి బియ్యం అప్పగించే లెక్క. ఈ మిల్లుకు 69 పడితే అదే ధాన్యానికి 40,020 వస్తుంది, మీ తేడా మొత్తం అందులోనే కలిసిపోతుంది. రకం, తేమ, మర రోలర్లు, అన్నీ ఆ అంకెను కదిలిస్తాయి. మిల్లు సొంత మిల్లింగ్ రిజిస్టర్‌లో నెలవారీ ఎంత పడిందో చూసి, ఏ నెల ఎగిసిందో ఆ నెల చీటీలు పట్టండి.

మిర్యాలగూడ ఆర్టికల్: సార్, ఇవాళ చీటీల పుస్తకం తెప్పించా. వరస నంబర్లలో రెండు లేవు. ప్రింట్ పాడైతే చింపేశామని గుమాస్తా అన్నాడు. అదీ కాక కొన్ని లారీలు బయటి కాంటాలో తూగాయట. ఇక ఆ చీటీలను ఎంతవరకు నమ్మాలి?

నల్గొండ ఆడిటర్: హమాలీ లెక్క చూడు. బస్తా దించితే కూలి ఇవ్వక తప్పదు.

సూర్యాపేట ఫైనల్: హమాలీ పుస్తకం రాసేదీ ఆ గుమాస్తానే అయితే? ఏప్రిల్, మే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎవరికి కట్టారో చూసి, సరుకు ఎప్పుడు వచ్చిందో వెనక్కి వెళ్లడం మేలు.

నల్గొండ ఆడిటర్: అదీ చేయాలి. కానీ ఆడిట్ నాటికి కట్టని బాకీ అందులో కనిపించదు, నగదు ఇచ్చినదీ కనిపించదు. GSTR-2B కూడా గోనె సంచులకు, స్పేర్ పార్టులకే పనికొస్తుంది, రైతు ధాన్యం అందులోకి రాదు.

మిర్యాలగూడ ఆర్టికల్: హమాలీ మేస్త్రీ దగ్గర తన సొంత నోటుబుక్కు ఉందట సార్, మిల్లు పుస్తకం కాదు. రేపు పొద్దున తెస్తానన్నాడు. 30, 31 తేదీల బస్తాలు ముందు అందులోంచే ఎత్తి రాసుకుంటా.