నోటిఫికేషన్ ఎవరూ నొక్కడం లేదు: కుదించాలా, కారణం చెప్పాలా?

మాధవి: భాషలు నేర్పే మా యాప్ నుంచి రోజూ సాయంత్రం అందరికీ వెళ్లేది ఇది: "మీ కోసం ఆసక్తికరమైన కొత్త పాఠాలు ఎదురుచూస్తున్నాయి! ఇప్పుడే యాప్ తెరిచి అభ్యాసం కొనసాగించండి." ఎవరూ నొక్కడం లేదు. ఎలా తిరగరాయాలి?

కిరణ్: కుదించండి. ఆండ్రాయిడ్‌లో నోటిఫికేషన్ మడిచి ఉన్నప్పుడు మాటర్ ఒక్క వరుసే కనిపిస్తుంది, మిగతాది చుక్కలే. "కొత్త పాఠాలు వచ్చాయి" చాలు.

శ్రీలత: పొట్టిదైంది గానీ, నొక్కడానికి కారణమేదీ కిరణ్ గారూ? నిన్న పాఠం మధ్యలో ఆపినవాళ్లను తీసుకోండి. టైటిల్ "4వ పాఠంలో ఇంకా 5 ప్రశ్నలే", కింద "ఆపిన చోటి నుంచే మొదలుపెట్టండి". నొక్కితే నేరుగా ఆ ప్రశ్న తెరుచుకోవాలి. హోమ్ పేజీలో వదిలేస్తే ఆ మాట అబద్ధమైపోతుంది. పంపే క్షణంలో ఇంకోసారి చూసుకోండి, ఈలోపు పాఠం పూర్తిచేసినవాళ్లకు వెళ్లకూడదు. ఆపిన పాఠమే లేనివాళ్లకు ఇది అసలు పంపొద్దు.

వెంకట్: అసలు పంపడమే మానండి. ఒక యాప్ అర్ధరాత్రి "మిమ్మల్ని మిస్ అవుతున్నాం" అంటుంటే విసిగిపోయి మొత్తం ఆపేశాను. తర్వాత నా పాస్‌వర్డ్ ఎవరో మార్చారన్న హెచ్చరిక కూడా రాలేదు!

కిరణ్: ఎన్ని అక్షరాలుండాలో ఎవరూ చెప్పరేం?

శ్రీలత: ఫోన్‌ను బట్టి, పెట్టుకున్న ఫాంట్ సైజును బట్టి మారుతుందండీ. చిన్న ఫోన్‌లో ఫాంట్ పెద్దది చేసి చూడండి, తెగిన చోటికి ముందే విషయం తెలిసిపోవాలి. వెంకట్ గారూ, ఆండ్రాయిడ్ 8 నుంచి నోటిఫికేషన్లను రకాలుగా విడదీసే ఛానెళ్లున్నాయి. గుర్తుచేసేవి, భద్రతవి వేర్వేరు ఛానెళ్లలో పెట్టి ఉంటే మీరు ఒకటి ఆపి రెండోది ఉంచుకునేవారు.

వెంకట్: సెట్టింగుల్లోకి వెళ్లి వెతికే ఓపిక ఎవరికుంది?

కిరణ్: ఇంత చర్చెందుకు? "మీ ఫ్రెండ్ మిమ్మల్ని దాటేశారు" అని పెట్టండి, నొక్కకుండా ఉండలేరు.

శ్రీలత: ఫ్రెండే లేనివాడికి కూడానా? మోసపోయి ఒకసారి నొక్కుతాడు, రెండోసారి నోటిఫికేషన్లే ఆపేస్తాడు. ఆ పాపం మీ లెక్కలో కనబడదు!

కిరణ్: పాపపుణ్యాలు నాకెందుకు? మా టీమ్‌ను అడిగేది ఎంతమంది నొక్కారనే.

మాధవి: మమ్మల్నీ అదే అడుగుతారు.

శ్రీలత: అసలు గొడవ అక్కడే ఉంది. నోటిఫికేషన్ చూసి, నొక్కకుండా రాత్రి తనే యాప్ తెరిచేవాళ్లుంటారు, నొక్కి వెంటనే మూసేవాళ్లూ ఉంటారు. పాఠం ఆపినవాళ్లలో కొందరిని యాదృచ్ఛికంగా ఎంచి, వాళ్లకు ఏమీ పంపకండి. రెండు గుంపుల్లో పాఠం పూర్తిచేసిందెవరు, నోటిఫికేషన్లు ఆపేసిందెవరు చూడండి. తేడా లేకపోతే ఆ మాటలు ఎంత బాగున్నా పనిచేయనట్టే.

కిరణ్: కొందరికి పంపకపోతే ఆ మేరకు నొక్కేవాళ్లు తగ్గుతారు. మా దగ్గర ఒప్పుకోరు.

మాధవి: 5 ప్రశ్నల మాటర్ రేపు పెడతాను. కొందరికి ఆపడానికి మాత్రం మేనేజర్‌ను అడగాలి.